రెండు పేజీల ప్రెస్ నోట్.. రెండు లైన్ల స్క్రోలింగ్: ఏది ఉంచాలి? ఏది తీసేయాలి?

టీవీ స్క్రీన్ కింద పరుగెత్తే లైను చదవడానికి ఎవరూ పని మానుకుని కూర్చోరు. అన్నం తింటూనో, ఫోన్‌లో వీడియో చూస్తూనో ఓ చూపు చూస్తారు. ఆ ఒక్క చూపులో ‘రేపు నీళ్లు రావు’ అన్న సంగతి పట్టుబడకపోతే.. తెల్లారాక ఖాళీ బిందెతో కుళాయి దగ్గర నిలబడాల్సిందే. అంత పనిచేసే లైను తయారయ్యేది మాత్రం సుదీర్ఘమైన ఓ ప్రెస్ నోట్ నుంచి. మరి రెండు పేజీలు రెండు లైన్లు ఎలా అవుతాయి?

ఉదాహరణకు రామాపురం అనే పట్టణం అనుకోండి. మంగళవారం సాయంత్రం మున్సిపాలిటీ నుంచి డెస్క్‌కు ఒక ప్రకటన వచ్చింది. మొదటి పేరా అంతా ప్రజలకు సురక్షిత తాగునీరు అందించడమే ధ్యేయంగా ఎవరెవరి ఆదేశాలతో, ఎవరి పర్యవేక్షణలో పనులు జరుగుతున్నాయో చెబుతుంది. రెండో పేరాలో పైపులైను వాల్వు లీకేజీ, దానికి చేస్తున్న మరమ్మతులు. అసలు కబురు మూడో పేరాలో ఉంది. రెండో నంబరు వాటర్ ట్యాంకు పరిధిలోని గాంధీనగర్, శాంతినగర్, హౌసింగ్ బోర్డు కాలనీలకు ‘12వ తేదీ గురువారం’ ఉదయం 6 గంటల నుంచి మరుసటి రోజు ఉదయం 6 గంటల వరకు నీటి సరఫరా ఉండదట. చిట్టచివర, సంతకానికి ముందు ఇంకో వాక్యం: సరఫరా మొదలయ్యాక మొదట వచ్చే నీళ్లు మురికిగా ఉండొచ్చు, వాటిని తాగొద్దు.

ప్రెస్ నోట్లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. రాసేవారికి ముఖ్యమైనది పైన, చదివేవారికి ముఖ్యమైనది కింద. అందుకే అనుభవం ఉన్న సబ్ ఎడిటర్ నోట్‌ను చివరి పేరా నుంచి పైకి చదువుతాడు. చదువుతూ ఒక్కటే ప్రశ్న వేసుకుంటాడు.. ఈ కబురు విన్న మనిషి ఏం మార్చుకోవాలి? నీళ్లు ముందే పట్టుకోవాలి, మొదటి నీళ్లు వదిలేయాలి. ఈ రెండింటికి పనికొచ్చే మాట ఉంటుంది, మిగతాది పోతుంది. వాల్వు ఎందుకు లీకైందో తెలియకపోయినా బిందె నిండుతుంది కదా.

కత్తెర వేయడానికి ముందు ఇంకో పని ఉంది. ఆ నోట్‌లో ‘12వ తేదీ గురువారం’ అని ఉంది. క్యాలెండర్ తీస్తే 12 బుధవారం! పాత నోట్‌ను కాపీ చేసి తేదీ మార్చి, వారం మార్చడం మర్చిపోతే ఇలా జరుగుతుంది. ఏది కరెక్టో ఊహించకూడదు. నోట్ పంపిన ఆఫీసుకు ఫోన్ చేసి అడగాలి. రామాపురంలో అడిగితే బుధవారమే అని తేలింది. తేదీ, వారం రెండూ రాస్తే చోటు దండగ అనిపిస్తుంది గానీ, ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది. ఇక్కడ దొరికింది అలాగే.

ఇప్పుడు లైను. హడావుడిలో మొదట తట్టేది ఇది:

‘రేపు పట్టణంలో తాగునీటి సరఫరా ఉండదు’

చిన్నగా ఉంది, కానీ తప్పుల తడక. ‘పట్టణంలో’ అంటే ఊరంతా అని అర్థం. మూడు కాలనీల కబురుకు ఊరంతా డ్రమ్ములు నింపుతారు. పైగా ఏ పట్టణం? ఛానల్ చూసేది రాష్ట్రమంతా. గాంధీనగర్ లేని ఊరు ఎక్కడుంది? అందుకే స్క్రోలింగ్‌లో ఊరి పేరు మొట్టమొదట రావాలి. ఇక ‘రేపు’.. మంగళవారం రాత్రి ఎక్కించిన లైను 12 దాటాక కూడా తిరుగుతూనే ఉంటుంది. బుధవారం ఉదయం చూసినవారికి ‘రేపు’ అంటే గురువారమే.

ఇంకోటి తెలుగు వాక్యం తీరుకు సంబంధించింది. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. ‘ఉండదు’ అన్న అసలు మాట స్క్రీన్ మీదకు వచ్చేసరికి ‘తాగునీటి సరఫరా’ అని చూసి చూపు తిప్పేసుకున్నవారు ఉంటారు. ఆలస్యంగా చూసినవారికేమో ఏది ఉండదో తెలియదు. అందుకే స్క్రోలింగ్‌లో ‘బంద్’ లాంటి మాటను ముందుకు లాగుతారు. వ్యాకరణం కాస్త కుంటినా కబురు నిలబడుతుంది. చివరికి తయారైంది ఇది:

‘రామాపురంలో నీళ్లు బంద్: గాంధీనగర్, శాంతినగర్, హౌసింగ్ బోర్డు కాలనీల్లో 12 బుధవారం ఉ.6 నుంచి 13 గురువారం ఉ.6 వరకు

మళ్లీ వచ్చే మొదటి నీళ్లు తాగొద్దు: రామాపురం మున్సిపాలిటీ’

రెండో లైనులో ఊరి పేరు మళ్లీ ఎందుకంటే, దాన్ని ఒక్కదాన్నే చూసేవారూ ఉంటారు. చెప్పింది ఎవరో కూడా తెలుస్తుంది. మూడు కాలనీల బదులు ముప్ఫై ఉంటే? ‘తదితర ప్రాంతాల్లో’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘రెండో ట్యాంకు పరిధిలో’ అని రాసి, పేర్లన్నీ విడివిడి లైన్లుగా తిప్పడమే దారి.

ఇదే కబురు అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద రాయాలంటే లెక్క మారుతుంది. అక్కడ ఊరి పేరు, కాలనీ పేరు అక్కర్లేదు. మనుషులు నిలబడి చదువుతారు కాబట్టి క్రియ చివర్లో ఉన్నా ఫర్వాలేదు. మిగిలిన చోటులో టీవీ చెప్పలేని పని చెప్పొచ్చు:

‘12వ తేదీ బుధవారం ఉదయం 6 నుంచి గురువారం ఉదయం 6 వరకు మున్సిపల్ నీళ్లు రావు. మంగళవారం రాత్రికే పట్టి ఉంచుకోండి.

గురువారం మొదట వచ్చే నీళ్లు తాగొద్దు. ఆ నీళ్లు సంపులోకి వదలొద్దని వాచ్‌మన్‌కు చెప్పాం.’

సమయాల్లో అన్నిటికంటే చిక్కు పెట్టేది అర్ధరాత్రి. ‘12వ తేదీ అర్ధరాత్రి 12 నుంచి’ అంటే 11 ముగిసే రాత్రా, 12 ముగిసే రాత్రా? ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. ‘మంగళవారం రాత్రి 12 నుంచి’ అని, పడుకునే రోజు పేరుతో రాస్తే గందరగోళం తగ్గుతుంది.

వరద కబురైతే గంట కూడా తప్పనిసరి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ‘గోదావరి 47 అడుగులు’ అన్న లైను పొద్దున్న నిజం, మధ్యాహ్నానికి అబద్ధం కావొచ్చు. ‘ఉ.8కి 47 అడుగులు, పెరుగుతోంది’ అంటే పాత లైను చూసినా మోసపోరు. క్యూసెక్కుల లెక్క తీసేయొచ్చు గానీ, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తీయకూడదు.

మళ్లీ రామాపురానికి వస్తే, గురువారం ఉదయం 6 తర్వాత ఆ లైను స్క్రీన్ మీద, ఆ కాగితం బోర్డు మీద ఉండకూడదు. పని పూర్తికాలేదని మున్సిపాలిటీ చెబితే పాత లైనులో గంట మార్చి వదిలేస్తే సరిపోదు, ఒకసారి చదివినవారు దాన్ని మళ్లీ చదవరు. కొత్త లైను కొత్త మాటతోనే మొదలవ్వాలి: ‘రామాపురంలో నీళ్ల బంద్ పొడిగింపు: 13 గురువారం సా.6 వరకు’.