కట్ అయ్యాయా, ఆగాయా?

విశాఖపట్నంలో రెండు రాత్రులకు గది బుక్ చేసుకున్న కుటుంబానికి, బయల్దేరే ముందు రోజు హోటల్ నుంచి ఇలాంటి వాట్సాప్ మెసేజ్ వస్తుంది: “ప్రియమైన అతిథీ, చెక్-ఇన్ సమయంలో మీ కార్డు నుండి రూ.5,000 రీఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్‌గా వసూలు చేయబడును. గదికి ఎటువంటి నష్టం లేనిచో చెక్-అవుట్ అనంతరం సదరు మొత్తం రీఫండ్ చేయబడును.”

చదవడానికి మర్యాదగానే ఉంది. రిసెప్షన్‌లో గొడవలకు విత్తనం మాత్రం ఈ రెండు వాక్యాల్లోనే పడుతోంది. వసూలు చేస్తామన్న డబ్బును చాలా సందర్భాల్లో హోటల్ వసూలు చేయదు. రీఫండ్ అన్నది కూడా రీఫండ్‌లా రాదు. ఇక “చెక్-అవుట్ అనంతరం” అంటే అరగంటా, పది రోజులా అన్నది అతిథి ఊహకే వదిలేశారు.

అసలు జరిగేది ఇదీ. రిసెప్షన్‌లో కార్డు తీసుకుని స్వైపింగ్ మెషిన్‌లో ‘సేల్’ కాకుండా ‘ప్రీ-ఆథ్’ అనే ఆప్షన్ నొక్కుతారు. అతిథి పిన్ కొడతాడు. మెషిన్ నుంచి వెళ్లిన ఆ అభ్యర్థన కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. బ్యాంకు సరేనని ఒక అప్రూవల్ కోడ్ పంపి, ఐదు వేలను పక్కన పెట్టేస్తుంది. క్రెడిట్ కార్డయితే ఆ మేరకు లిమిట్ తగ్గుతుంది, డెబిట్ కార్డయితే ఖాతాలోని సొమ్ములో ఐదు వేలు వాడుకోవడానికి వీల్లేకుండా ఆగిపోతాయి. హోటల్ ఖాతాలోకి మాత్రం ఒక్క రూపాయి కూడా వెళ్లదు. ఐపీవోకు దరఖాస్తు చేసినవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. షేర్లు కేటాయించేదాకా డబ్బు ఖాతాలోనే ఉంటుంది, కానీ ముట్టుకోలేం.

చిక్కు ఎక్కడంటే, ఈ తేడా అతిథి ఫోన్‌కు తెలియదు. చాలా బ్యాంకుల ఎస్సెమ్మెస్ హోల్డ్‌కూ కొనుగోలుకూ ఒకే మాట వాడుతుంది: మీ కార్డుపై ఐదు వేలు ఖర్చయ్యాయి అని. డబ్బు కట్ అయిందని అతిథి నిర్ధారించుకుంటాడు. తర్వాత హోల్డ్ తీసేసినప్పుడు చాలాసార్లు ఏ ఎస్సెమ్మెస్సూ రాదు. స్టేట్‌మెంట్‌లో జమ అయినట్టు పద్దు కూడా పడదు, ఎందుకంటే అసలు ఖర్చు పద్దే పడలేదు. లిమిట్ మాత్రం నిశ్శబ్దంగా పాత అంకెకు చేరుతుంది. హోటల్ “రీఫండ్” అని రాసింది కాబట్టి, పాపం ఆ మనిషి స్టేట్‌మెంట్‌లో ఎప్పటికీ రాని పద్దు కోసం వెతుకుతూ ఉంటాడు. వారం తర్వాత హోటల్‌కు ఫోన్ చేసి ఇంకా డబ్బు పడలేదని నిలదీస్తాడు. అప్పటికి అతని లిమిట్ తిరిగి వచ్చేసి ఉండవచ్చు కూడా. మెసేజ్ దిద్దేవాళ్లు మొట్టమొదట తీసేయాల్సిన మాటలు “వసూలు”, “రీఫండ్”. వాటి స్థానంలో “హోల్డ్”, “విడుదల” రాసి, ఎక్కడ చూసుకోవాలో కూడా చెప్పాలి.

చెక్-అవుట్ దగ్గర ఏం జరుగుతుందో లెక్కవేసి చూస్తే మెసేజ్‌లో ఏం ఉండాలో తెలుస్తుంది. గది అద్దె రోజుకు నాలుగు వేలు, బుకింగ్ అప్పుడే పన్నుతో సహా కట్టేశారనుకుందాం. శుక్రవారం, 12వ తేదీన దిగారు, ఐదు వేలు హోల్డ్ అయ్యాయి. రెండు రోజుల్లో గదికి తెప్పించుకున్న భోజనం, లాండ్రీ కలిపి 1,850 రూపాయలు. ఆదివారం ఉదయం ఖాళీ చేస్తున్నారు.

సక్రమమైన దారిలో, క్యాషియర్ మెషిన్‌లో ‘ప్రీ-ఆథ్ కంప్లీషన్’ ఎంచుకుని, శుక్రవారం నాటి అప్రూవల్ కోడ్ ఇచ్చి 1,850 కొడతాడు. హోల్డ్‌లోంచే ఆ మొత్తం హోటల్‌కు వెళుతుంది. మిగిలిన 3,150 విడుదలకు వస్తాయి.

కానీ ఆదివారం ఉదయం రిసెప్షన్ ముందు పది మంది నిలబడి ఉంటారు. ఆ హడావిడిలో క్యాషియర్ ‘సేల్’ నొక్కి అదే కార్డుపై 1,850 కొత్తగా తీసుకుంటాడు. పాత హోల్డ్ అలాగే ఉండిపోతుంది. అతిథి లెక్కలో ఇప్పుడు 6,850 పోయాయి. రెండుసార్లు తీసుకున్నారన్న ఫిర్యాదుల్లో చాలావరకు పుట్టేది ఇలాగే. ఇంకో రకం కూడా ఉంది. అతిథి ఆ 1,850 ఫోన్‌లో యూపీఐతో కట్టేస్తాడు. బిల్లు తీరిపోయింది, అందరూ నవ్వుతూ వెళ్లిపోయారు, హోల్డ్‌ను రద్దు చేయాలన్నది మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఈ రెండు సందర్భాల్లోనూ ‘వాయిడ్’ కొట్టడం హోటల్ బాధ్యత. కొట్టకపోతే హోల్డ్ దానంతట అది కాలం తీరేదాకా నిలిచే ఉంటుంది. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో హోటల్ హోల్డ్‌కు ఆ గడువు 30 రోజుల దాకా ఉంటుంది. కొన్ని బ్యాంకులు అంతకు ముందే వదిలేస్తాయి, కానీ దాన్ని నమ్ముకుని ఈఎంఐ తేదీ దాటించలేం కదా.

అందుకే ఎప్పుడు విడుదలవుతుంది అన్న ప్రశ్నకు జవాబులో రెండు భాగాలుంటాయి. మొదటిది హోటల్ చేతిలో ఉన్నది: రద్దు సందేశం పంపడం. అది చెక్-అవుట్ రోజే జరగాలి, ఆ మాట హోటల్ ధైర్యంగా ఇవ్వొచ్చు. రెండోది బ్యాంకు చేతిలో ఉన్నది: ఆ సందేశం అందుకుని సొమ్ము వదలడం. ఒక బ్యాంకు గంటల్లో వదులుతుంది, మరొకటి వారం తీసుకుంటుంది. విదేశీ కార్డులకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఇక్కడ హోటల్ మాట ఇవ్వకూడదు. “24 గంటల్లో విడుదల” అని రాసిన హోటల్ తన చేతిలో లేని గడియారానికి పూచీ పడుతోంది. అలాగని “బ్యాంకును బట్టి ఉంటుంది” అని చేతులు దులుపుకున్నా అతిథికి ఉపయోగం లేదు. పని దినాలు ఎన్నో రాయడమే కాదు, దాన్ని తేదీగా మార్చి ఇవ్వాలి. ఆదివారం నుంచి ఏడు పని దినాలంటే ఎన్నో తేదీ అని లెక్కించుకునే శ్రమ ప్రయాణంలో ఉన్నవాళ్లకు పెట్టడం న్యాయం కాదు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని రాస్తే, రాకకు ముందు పంపే మెసేజ్ ఇలా తయారవుతుంది:

“నమస్కారం. 12వ తేదీ చెక్-ఇన్‌లో మీ కార్డుపై రూ.5,000 తాత్కాలికంగా హోల్డ్ చేస్తాం. గది అద్దె మీరు ఇప్పటికే కట్టారు. ఈ హోల్డ్ భోజనం, లాండ్రీ వంటి అదనపు ఖర్చులకు, గదికి నష్టం జరిగితే దానికి. ఈ డబ్బు మా ఖాతాలోకి రాదు. కానీ హోల్డ్ ఉన్నన్నాళ్లు మీరు వాడుకోలేరు, బ్యాంకు ఎస్సెమ్మెస్‌లో ఖర్చయినట్టు కనిపించవచ్చు. చెక్-అవుట్ రోజున మీ బిల్లు మేరకే తీసుకుని, మిగతా హోల్డ్‌ను అదే రోజు రద్దు చేస్తాం. ఆపై మీ బ్యాంకు దాన్ని వదలడానికి సాధారణంగా 7 పని దినాల వరకు పట్టవచ్చు. విడుదలైనప్పుడు కొత్తగా జమ పడదు, మీ లిమిట్ లేదా బ్యాలెన్స్ పెరుగుతుంది. దయచేసి కార్డు వెంట తెచ్చుకోండి. ఇందుకోసం మేం లింకు పంపం, ఫోన్‌లో ఓటీపీ అడగం.”

పాతదానికన్నా ఇది బాగా పొడుగు. అయినా ఇందులో తీసేయదగిన వాక్యం కనిపించదు. ముఖ్యంగా చివరిది. బుకింగ్ సైట్లలో హోటళ్ల లాగిన్ కొట్టేసి, వాటి పేరుతోనే అతిథులకు మెసేజ్ పంపి, కార్డు సరిచూసుకోవాలంటూ లింకులో నంబరు, సీవీవీ అడిగే మోసాలు చాలా దేశాల్లో జరిగాయి. డిపాజిట్ కోసం లింకు పంపే అలవాటున్న హోటల్ తెలియకుండానే ఆ మోసగాళ్లకు దారి చూపుతోంది.

ఇక్కడితో పని సగమే అయింది. చాలా హోటళ్లు మరిచిపోయే రెండో మెసేజ్ చెక్-అవుట్ అప్పుడు పంపాల్సింది: “మీ అదనపు బిల్లు రూ.1,850ను హోల్డ్ నుంచి తీసుకున్నాం. మిగిలిన రూ.3,150ను ఈ రోజు 14వ తేదీ ఉదయం 11.20కి రద్దు చేశాం. కార్డు చివరి అంకెలు 4417, అప్రూవల్ కోడ్ 052918. 23వ తేదీకి కూడా విడుదల కాకపోతే ఈ కోడ్ మీ బ్యాంకుకు చెప్పండి. మా రిసెప్షన్‌కు చెబితే రద్దు పత్రం పంపిస్తాం.” ఇందులో అసలు సరుకు ఆ అప్రూవల్ కోడే. కస్టమర్ కేర్‌లో హోటల్ పేరు చెబితే దొరకని హోల్డ్, కార్డు చివరి అంకెలు, తేదీ, మొత్తం, కోడ్ కలిపి చెబితే దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. కొన్ని హోటళ్లలో ప్రీ-ఆథ్ సౌకర్యం ఉండదు, కొన్ని కార్డులపై అది పనిచేయదు. అలాంటప్పుడు డిపాజిట్‌ను మామూలు సేల్‌గానే తీసుకుంటారు, లేదా యూపీఐలో పంపమంటారు. అప్పుడు డబ్బు నిజంగానే హోటల్‌కు వెళ్లింది. తిరిగి రావడమూ నిజమైన రీఫండే, స్టేట్‌మెంట్‌లో జమగా కనిపిస్తుంది. ఆ అతిథికి పై మెసేజ్ పంపితే అబద్ధం చెప్పినట్టవుతుంది. రెండింటికీ రెండు వేర్వేరు మెసేజ్‌లు ఉంచుకుని, ఏది జరిగితే అది పంపాలి.

పిల్లల కాన్వొకేషన్ కోసం అమెరికా వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఇది మరింత ముఖ్యం. అక్కడి హోటళ్లలో అదనపు ఖర్చుల హోల్డ్ మామూలు విషయం, రాత్రికి ఇంత చొప్పున వేసేవాళ్లూ ఉన్నారు. ఉన్న డబ్బంతా ఒకే డెబిట్ లేదా ఫారెక్స్ కార్డులో పెట్టుకుని వెళితే, హోల్డ్ పడ్డాక అద్దె కారు దగ్గర కార్డు తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉంది. హోటల్‌లో క్రెడిట్ కార్డు ఇవ్వడం, రోజువారీ ఖర్చులకు మరో కార్డు ఉంచుకోవడం మేలు.

చెక్-అవుట్ దగ్గర బిల్లు కట్టేశాక కౌంటర్ వదలకముందే, హోల్డ్ రద్దు చేశారా అని అడిగి ఆ స్లిప్ తీసుకోండి.