కట్టేసిన ఫీజు లెక్కలోకి రావాలా?

రాయ్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు రైల్వే కుటుంబాన్ని ఊహించుకుందాం. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరి రెండేళ్లయింది. ఇప్పటికి రెండున్నర లక్షలు ఖర్చయ్యాయి, సగం సబ్జెక్టులు మిగిలిపోయాయి. బ్యాక్‌లాగులతో కలిపి డిగ్రీ పూర్తి కావాలంటే ఇంకా మూడేళ్లు, మూడున్నర లక్షలు కావాలి. అతనికి మాత్రం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేయాలని ఉంది. అది రెండేళ్ల చదువు, ఖర్చు యాభై వేలు అనుకుందాం. "మరి కట్టిన రెండున్నర లక్షలూ బూడిదలో పోసిన పన్నీరేనా?" అంటాడు తండ్రి.

ఆయన బాధ నిజమే, లెక్క మాత్రం తప్పు. కొడుకు చదువు కొనసాగించినా మానేసినా ఆ డబ్బు తిరిగి రాదు. రెండు దారుల్లోనూ సమానంగా ఉన్న ఖర్చు ఏది మేలో చెప్పలేదు. ఇలా తిరిగిరాని ఖర్చును ఆర్థికవేత్తలు 'మునిగిన ఖర్చు' అంటారు.

అయినా మనసు దాన్ని వదలదు. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, అంతే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం పెట్టే బాధ ఎక్కువ. దీన్నే నష్ట విముఖత అంటారు. పైగా ఖాయమైన నష్టాన్ని ఒప్పుకోవడం కన్నా, దాన్ని తప్పించే చిన్న ఆశ కోసం ఇంకా పెద్ద నష్టానికి సిద్ధపడతాం. మానేస్తే నష్టం ఈరోజే ఖాయమవుతుంది. కొనసాగితే 'ఏమో, పాసవుతాడేమో' అన్న ఆశ మిగులుతుంది.

హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపింది. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో నాటకాల సీజన్ టికెట్లు కొందరికి 15 డాలర్లకు, మిగిలినవారికి 13కో 8కో అమ్మారు. ఎవరికి ఏ ధర అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. నాటకాలు అందరికీ ఒకటే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవారే ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగానికి ఆ తేడా కనుమరుగైంది. డబ్బు పోయిన బాధ కాలంతో మెత్తబడుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఫీజు కట్టిన వారంలోనే ఇలాంటి నిర్ణయం తీసుకోకపోవడం మంచిదని నాకనిపిస్తుంది.

మన కుటుంబానికి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. ఇప్పటివరకు పైసా కట్టలేదనుకోండి. పాసైన సబ్జెక్టులు అలాగే ఉండి, మిగతావాటికి మూడేళ్లు, మూడున్నర లక్షలు అడిగితే ఈ సీటు తీసుకుంటారా? కాదనిపిస్తే, ఇంతకాలం అతన్ని అక్కడ పట్టి ఉంచింది కట్టిన ఫీజే.

అయితే పాసైన సబ్జెక్టులు మునిగిన ఖర్చు కావు, అవి ముందున్న పనిని తగ్గిస్తాయి. అతనికి ఒక్క సెమిస్టరే మిగిలి ఉంటే, కొనసాగమనడం పొరపాటేమీ కాదు. తక్కువ ఖర్చుతో డిగ్రీ చేతికొస్తుంది. మానేసేముందు ఆ క్రెడిట్లు మరో కోర్సుకు బదిలీ అవుతాయేమో విశ్వవిద్యాలయాన్ని అడగాలి. అవుతాయంటే రెండో దారి లెక్క కూడా మళ్లీ వేసుకోవాల్సిందే.