టీకా కార్డు ఫొటో నుంచి తేదీల పట్టిక

ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన బిడ్డకు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో టీకాల పేజీ చిన్న చిన్న గళ్లతో ఉంటుంది. టీకాల పేర్లు అచ్చులో ఉంటాయి, తేదీలు మాత్రం ఏఎన్‌ఎం చేత్తో రాసినవి. కార్డు నలిగిపోకముందే ఫొటో తీసి, వేసినవేవో వేయాల్సినవేవో ఒక పట్టికగా ఫోన్‌లో పెట్టుకుందామని చాలామంది తల్లిదండ్రులు చూస్తుంటారు. గూగుల్ లెన్స్ లాంటి యాప్ అచ్చు పేర్లను బాగానే చదువుతుంది. తడబాటంతా చేతిరాత తేదీల దగ్గరే.

అందుకే ఫొటో తీసే తీరు మీదే సగం పని ఆధారపడుతుంది. కార్డు మడత విప్పి బల్ల మీద పరచాలి. ఫ్లాష్ వేస్తే నున్నటి కాగితం మీద మెరుపు పడి అంకెలు చెరిగిపోతాయి కాబట్టి పగటి వెలుతురు మంచిది. నాలుగు అంచులూ కనిపించాలి, పుట్టిన తేదీ ఉన్న పేజీ కూడా తీయాలి. కొన్ని కార్డుల్లో మళ్లీ రావాల్సిన తేదీని పెన్సిల్‌తో, టీకా వేసిన తేదీని పెన్నుతో రాస్తారు. ఫొటోలో రెండూ ఒకే బూడిదరంగులో కనిపించవచ్చు. రావాల్సిన తేదీ పొరపాటున ‘వేసిన తేదీ’ గడిలోకి వెళ్తే, వేయని టీకా వేసినట్టు లెక్కయిపోతుంది. కాబట్టి ఏ గడినైనా కార్డు పక్కన పెట్టుకునే నింపాలి. ఖాళీగా ఉన్నది పట్టికలోనూ ఖాళీగానే ఉండాలి.

ఒక బిడ్డ 12-3-2024న పుట్టిందనుకుందాం. మొదటి విడత 24-4-2024న పడింది. రెండో విడత సమయానికి జ్వరం రావడంతో ఆలస్యమై 5-6-2024న వేయించారు. జూన్ మధ్యలో తయారుచేసిన పట్టిక ఇలా ఉంటుంది.

| వయసు | టీకాలు | వేయాల్సిన తేదీ | వేసిన తేదీ |
|---|---|---|---|
| పుట్టగానే | బీసీజీ, పోలియో చుక్కలు-0, హెపటైటిస్ బి | 12-3-2024 | 12-3-2024 |
| 6 వారాలు | పోలియో చుక్కలు-1, పెంటావాలెంట్-1, రోటా-1, ఐపీవీ-1, పీసీవీ-1 | 23-4-2024 | 24-4-2024 |
| 10 వారాలు | పోలియో చుక్కలు-2, పెంటావాలెంట్-2, రోటా-2 | 22-5-2024 | 5-6-2024 |
| 14 వారాలు | పోలియో చుక్కలు-3, పెంటావాలెంట్-3, రోటా-3, ఐపీవీ-2, పీసీవీ-2 | 3-7-2024 | |
| 9 నెలలు నిండాక | ఎంఆర్-1, ఐపీవీ-3, పీసీవీ బూస్టర్ | 12-12-2024 | |

ఇందులో 14 వారాల వరుస చూడండి. పుట్టిన రోజు నుంచి లెక్కిస్తే 14 వారాలు జూన్ 18కే నిండుతాయి. కానీ పెంటావాలెంట్ రెండు విడతల మధ్య కనీసం 4 వారాల ఎడం ఉండాలి. జూన్ 5కు 28 రోజులు కలిపితే జూలై 3. ఈ రెండు తేదీల్లో ఏది తర్వాత వస్తే అదే వేయాల్సిన తేదీ. విడత ఆలస్యమైందని మొదటి నుంచి మళ్లీ వేయరు, ఆగిన చోట నుంచే కొనసాగిస్తారు. స్ప్రెడ్‌షీట్‌లో ఈ లెక్కను ఒక్క సూత్రంతో చేయించవచ్చు. `B1`లో పుట్టిన తేదీ, `D5`లో రెండో విడత వేసిన తేదీ ఉంటే:

```
=MAX($B$1+98, D5+28)
```

స్ప్రెడ్‌షీట్‌తో మరో చిక్కుంది. ఫైలు అమెరికా తేదీల పద్ధతిలో ఉంటే, 5/6/2024 అని కొడితే అది జూన్ 5ను కాదు, మే 6ను తీసుకుంటుంది. 24/4/2024ను అసలు తేదీగానే గుర్తించక, గడిలో ఎడమ పక్కకు జరిపి పెడుతుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి కనిపిస్తే కారణం ఇదే. `2024-06-05` అని సంవత్సరంతో మొదలుపెట్టి రాస్తే ఈ గందరగోళం ఉండదు.

పట్టిక పూర్తయ్యాక తేదీలను మూడు విధాలుగా సరిచూడాలి. ఒకే విడతలోని టీకాలన్నింటికీ ఒకే తేదీ ఉందా? అంతకుముందు విడతకూ దీనికీ 28 రోజులు ఉన్నాయా? ఆ రోజు ఏ వారం? తెలుగు రాష్ట్రాల్లో టీకాలు ఎక్కువగా బుధ, శనివారాల్లో వేస్తారు. పై ఉదాహరణలో మే 6 అని పడితే వెంటనే దొరికిపోతుంది. అది సోమవారం, పైగా మొదటి విడతకు 12 రోజుల దూరమే.

అయితే 5ను 8గా చదివితే ఈ పరీక్షలు సరిపోవు. జూన్ 8 శనివారమే, ఎడమూ సరిపోతుంది. ఆ వరుసలోని మిగతా టీకాల గళ్లలో 5 స్పష్టంగా ఉంటే సరే. లేకపోతే ఏఎన్‌ఎం దగ్గర ఉండే రిజిస్టర్‌లో గానీ, యూ-విన్‌లో నమోదైన తేదీలో గానీ చూడాలి. తేలేదాకా ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టి, తర్వాతి విడత తేదీని ఏఎన్‌ఎంతోనే ఖరారు చేసుకోవాలి.