కోణం దూరం కాదు

పొలం మధ్యలో ఒక రాట పాతి, దానికి పది మీటర్ల దూరంలో నిలబడ్డామనుకుందాం. ఆ దూరం మారకుండా రాట చుట్టూ ఒక డిగ్రీ మేర జరిగితే మనం కదిలేది సుమారు పదిహేడున్నర సెంటీమీటర్లు. అదే రాటకు కిలోమీటరు దూరంలో నిలబడి ఒక డిగ్రీ జరగాలంటే పదిహేడున్నర మీటర్లు నడవాలి. కోణంలో వచ్చిన మార్పు రెండు చోట్లా ఒకటే, నడక మాత్రం వంద రెట్లు పెరిగింది. ఇంజినీరింగ్, భౌతికశాస్త్రం చదివే పిల్లలు స్థూపాకార నిరూపకాల్లో గ్రేడియంట్, డైవర్జెన్స్ సూత్రాలను చూసి, మధ్యలో ఈ 1/ρ ఎక్కడి నుంచి ఊడిపడిందని తికమకపడుతుంటారు. ఆ 1/ρ వచ్చింది ఈ నడకలోంచే.

స్థూపాకార నిరూపకాలంటే చోటు చెప్పడానికి మరో పద్ధతి. మధ్యలో నిలువుగా ఒక అక్షం ఉంటుంది. అక్షం నుంచి ఎంత దూరమో ρ (రో) చెబుతుంది, ఏ దిక్కునో φ (ఫై) అనే కోణం చెబుతుంది, ఎంత ఎత్తో z చెబుతుంది. మామూలు x, y లతో వీటి సంబంధం x = ρ cos φ, y = ρ sin φ. కొన్ని పుస్తకాల్లో ρ కి బదులు r ఉంటుంది, φ కి బదులు θ ఉంటుంది. గ్రిఫిత్స్ రాసిన విద్యుద్గతిశాస్త్రం పుస్తకంలో దూరానికి s వాడారు. ఒక పుస్తకంలోని సూత్రాన్ని ఇంకో పుస్తకంలోని లెక్కకు వాడేముందు ఏ అక్షరం దేనికి నిలిచిందో చూసుకోవాలి. గొట్టం, తీగ, బోరుబావి లాంటి వాటి విషయంలో ఈ పద్ధతి ఎంతో కలిసొస్తుంది. గొట్టం గోడను x, y లలో రాస్తే వర్గాలు వస్తాయి, ఇక్కడ 'ρ ఇంత' అంటే సరిపోతుంది.

ముందు గ్రేడియంట్ సంగతి చూద్దాం. ఒక గదిలో ప్రతి చోటా ఉష్ణోగ్రత ఎంతో తెలుసనుకోండి. ఏ వైపు కదిలితే అది అన్నిటికన్నా వేగంగా పెరుగుతుందో, ఆ వైపు మీటరుకు ఎంత పెరుగుతుందో చెప్పే సదిశే గ్రేడియంట్. 'మీటరుకు' అన్నమాట ఇక్కడ కీలకం. ρ, z రెండూ దూరాలే కాబట్టి వాటి వెంట మార్పును నేరుగా పాక్షిక అవకలనంతో పట్టుకోవచ్చు. φ మాత్రం కోణం. దానితో అవకలనం చేస్తే వచ్చేది రేడియనుకు ఎంత మార్పు అన్నది. ఒక రేడియను జరగడమంటే ρ మీటర్లు నడవడం కనుక, మీటరుకు లెక్క కావాలంటే ρ తో భాగించాలి:

```
∇f = (∂f/∂ρ) ê_ρ + (1/ρ)(∂f/∂φ) ê_φ + (∂f/∂z) ê_z
```

ఇందులో ê_ρ అక్షం నుంచి బయటికి చూపే యూనిట్ సదిశ, ê_φ చుట్టూ తిరిగే దిశను చూపేది. x, y దిశల్లా ఇవి అన్ని చోట్లా ఒకేలా ఉండవు, మనం జరిగిన కొద్దీ తిరుగుతుంటాయి. ఒక్కో నిరూపకం వెంట అసలు దూరం ఎంత అవుతుందో చెప్పే గుణకాలను ఫ్రెంచి గణితవేత్త గాబ్రియెల్ లామే పేరుతో పిలుస్తారు. వక్ర నిరూపకాల మీద ఆయన ఉపన్యాసాలు 1859లో పుస్తకంగా వచ్చాయి. మన నిరూపకాలకు ఆ గుణకాలు 1, ρ, 1.

డైవర్జెన్స్ దగ్గర పొడవుతో పాటు వైశాల్యం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక చిన్న ముక్కలోంచి బయటికి పోయేది లోపలికి వచ్చేదానికన్నా ఎంత ఎక్కువో చూసి, దాన్ని ఆ ముక్క ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది డైవర్జెన్స్. స్థూపాకార నిరూపకాల్లో ఆ ముక్క సరైన ఇటుకలా ఉండదు. అక్షం వైపు గోడ ఇరుకు, బయటి గోడ వెడల్పు. లోపలి గోడ వెడల్పు ρ dφ అయితే బయటి గోడది (ρ + dρ) dφ. గోడ దాటే ప్రవాహం కావాలంటే F_ρ ని ఆ గోడ వైశాల్యంతో గుణించాలి. కాబట్టి రెండు గోడల మధ్య తేడా తీసేటప్పుడు మార్పు చూడాల్సింది ρ F_ρ లో, ఒక్క F_ρ లో కాదు. తర్వాత ఘనపరిమాణంతో భాగించినప్పుడు ముందు 1/ρ మిగులుతుంది:

```
∇·F = (1/ρ) ∂(ρ F_ρ)/∂ρ + (1/ρ) ∂F_φ/∂φ + ∂F_z/∂z
```

లోపలి ρ ని వదిలేస్తే ఏమవుతుందో బోరుబావి దగ్గర చూడొచ్చు. భూమిలో ఒకే మందం గల ఇసుక పొర ఉంది, దాన్నిండా నీరుంది, మధ్యలో బోరు వేసి నిలకడగా తోడుతున్నాం. బోరు చుట్టూ ఎంత దూరంలో వలయం గీసినా, నిమిషానికి దాన్ని దాటి లోపలికి వచ్చే నీరు అంతే. వలయం చుట్టుకొలత దూరంతో పాటు పెరుగుతుంది కాబట్టి ప్రవాహ వేగం 1/ρ గా తగ్గుతుంది. బోరు వైపు ప్రవాహం కనుక F_ρ = −k/ρ. దీన్ని ఊరికే అవకలనం చేస్తే k/ρ² వస్తుంది. అంటే పొరలో ప్రతి చోటా కొత్త నీరు పుడుతోందని అర్థం, అది జరగని పని. ρ తో గుణించి చూస్తే ρ F_ρ = −k, స్థిరం. దాని అవకలనం సున్నా, డైవర్జెన్స్ సున్నా. జర్మన్ ఇంజినీరు గుంథర్ థీమ్ 1906లో ప్రచురించిన బావి సూత్రానికి ఆధారం ఈ ప్రవాహమే. తెలంగాణ నేలలో చాలా బోర్లు గ్రానైటు పగుళ్లలోంచి నీరు తీసుకుంటాయి. పగులు ఏ వైపుంటే ఆ వైపు నుంచే నీరొస్తుంది గనుక అక్కడ ఈ సమరూపత నమ్మదగింది కాదు.

ఇక సరిచూసే పని. రాసిన సూత్రం సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక క్షేత్రాన్ని తీసుకుని x, y, z లలో ఒకసారి, ρ, φ, z లలో ఒకసారి లెక్కగట్టి పోల్చాలి. ఏ క్షేత్రాన్ని ఎంచుకున్నాం, ఏ బిందువు దగ్గర చూశాం అన్నదాని మీదే ఈ పరీక్ష విలువంతా ఆధారపడుతుంది. z² లాంటిది తీసుకుంటే ρ, φ భాగాలు అసలు పరీక్షకే రావు. ρ² తీసుకుంటే φ భాగం తప్పించుకుంటుంది. మూడింటినీ కదిలించేది కావాలి. నేను ఎంచుకునేది f = xy + z². 2 sin φ cos φ అంటే sin 2φ కనుక స్థూపాకారంలో అది ఇలా మారుతుంది:

```
f = (ρ²/2) sin 2φ + z²
```

x, y, z లలో గ్రేడియంట్ చూడగానే తెలిసిపోతుంది: (y, x, 2z). స్థూపాకార సూత్రం ప్రకారం ρ భాగం ρ sin 2φ. φ తో అవకలనం చేస్తే ρ² cos 2φ, దాన్ని ρ తో భాగిస్తే φ భాగం ρ cos 2φ. z భాగం 2z. ఇవి రెండూ ఒకటేనా? x = 3, y = 4, z = 1 దగ్గర చూద్దాం. అక్కడ ρ = 5, cos φ = 0.6, sin φ = 0.8. దాంతో sin 2φ = 0.96, cos 2φ = −0.28. కాబట్టి ρ భాగం 4.8, φ భాగం −1.4. వీటిని x దిశకు మార్చితే 4.8 × 0.6 + 1.4 × 0.8, అంటే 2.88 + 1.12 = 4. y దిశకు 4.8 × 0.8 − 1.4 × 0.6, అంటే 3.84 − 0.84 = 3. మామూలు లెక్కలో (y, x) అంటే (4, 3). సరిపోయింది.

ఇప్పుడు ఆ గ్రేడియంట్‌నే సదిశ క్షేత్రంగా తీసుకుని దాని డైవర్జెన్స్ చూద్దాం. x, y, z లలో y ని x తో అవకలనం చేస్తే సున్నా, x ని y తో చేస్తే సున్నా, 2z ని z తో చేస్తే 2. అంతటా 2 రావాలి. స్థూపాకారంలో మొదటి భాగం ρ² sin 2φ ని ρ తో అవకలనం చేసి ρ తో భాగించగా 2 sin 2φ. రెండో భాగం ρ cos 2φ ని φ తో అవకలనం చేసి ρ తో భాగించగా −2 sin 2φ. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది 2.

లోపలి ρ ని, ముందున్న 1/ρ ని మరిచిపోయి F_ρ ని ఊరికే అవకలనం చేసినవారికి మొదటి భాగం 2 sin 2φ కి బదులు sin 2φ మాత్రమే వస్తుంది, మొత్తం 2 − sin 2φ అవుతుంది. మన బిందువు దగ్గర అది 1.04, తప్పు వెంటనే దొరుకుతుంది. కానీ చాలామంది సులువని (1, 0, 0) దగ్గర సరిచూస్తారు. అక్కడ φ = 0, sin 2φ సున్నా, తప్పు సూత్రం కూడా 2 అనే చెబుతుంది. గ్రేడియంట్‌లో 1/ρ మరిచిపోయినా అక్కడ తెలియదు, ఎందుకంటే ρ ఒకటి. సూత్రాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా పనికిరాని బిందువు దొరకదు. ρ ఒకటి కాకుండా, φ అక్షాల మీద పడకుండా ఉండే బిందువునే తీసుకోవాలి. జవాబు దిక్కుతో పాటు మారుతోందంటే, అంతటా 2 రావాల్సిన చోట అదే పెద్ద ఆధారం.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది, దానికి అవకలనం అక్కర్లేదు. వ్యాసార్థం a, ఎత్తు h ఉన్న స్థూపాన్ని z = 0 మీద నిలబెట్టండి. డైవర్జెన్స్ అంతటా 2 కనుక లోపల మొత్తం 2πa²h. ఉపరితలం దాటే అభివాహం కూడా ఇంతే కావాలి. అడుగున 2z సున్నా, ఏమీ దాటదు. పైమూత దగ్గర 2h, దాని వైశాల్యం πa², మొత్తం 2πa²h. పక్కగోడ మీద a sin 2φ, అది చుట్టూ సగం పాదాల్లో బయటికి, సగం పాదాల్లో లోపలికి పోయి సరిగ్గా సున్నా అవుతుంది. లెక్క కుదిరింది.

ఈ చివరి పరీక్ష ఒక్కచోట మోసం చేసినట్టు కనిపిస్తుంది. విద్యుదావేశం ఉన్న పొడవైన తీగ చుట్టూ క్షేత్రం 1/ρ గా ఉంటుంది. సూత్రం దాని డైవర్జెన్స్ సున్నా అంటుంది. కానీ తీగ చుట్టూ స్థూపం కట్టి అభివాహం కొలిస్తే వ్యాసార్థం ఎంతైనా 2πh వస్తుంది. తప్పు సూత్రానిది కాదు. సూత్రంలో ρ తో భాగించాం, అందువల్ల ρ సున్నా అయ్యే అక్షం మీద అది ఏమీ చెప్పలేదు. ఆవేశమంతా ఉన్నది సరిగ్గా ఆ గీత మీదే. లోపల వ్యాసార్థం a, బయట వ్యాసార్థం b ఉన్న గొట్టం లాంటి ప్రాంతం తీసుకుంటే లోపలి గోడ దాటి వచ్చేది 2πh, బయటి గోడ దాటి పోయేది 2πh, తేడా సున్నా. క్షేత్రంలో ρ ఎక్కడైనా హారంలో ఉంటే ముందు అక్షాన్ని ఇలా తొలిచి తీసేసి, ఆ తర్వాతే రెండు వైపులా పోల్చి చూడాలి.