అడవిలో షూటింగుకు ఎంత కరెంటు కావాలి?

2021లో వచ్చిన ‘పుష్ప: ది రైజ్’లో కొన్ని అడవి సన్నివేశాలు మారేడుమిల్లి ప్రాంతంలో తీసినవే. అలాంటి చోట కెమెరాకు కావలసిన చెట్లూ వాగులూ ఎన్నో దొరుకుతాయి కానీ, లైట్లు పెట్టుకునే ప్లగ్గు మాత్రం దొరకదు. కరెంటంతా ఘాట్ రోడ్డెక్కి జనరేటర్ వ్యాన్‌లో రావాల్సిందే.

‘పెద్ద జనరేటర్ తెచ్చుకుంటే గొడవే ఉండదు’ అన్నది చాలామంది నమ్మకం. లెక్క వేసి చూస్తే అది తలకిందులవుతుంది.

ఒక చిన్న యూనిట్ అడవిలో రాత్రి సీను తీస్తోందనుకుందాం. వెన్నెల వెలుగు కోసం 4 కిలోవాట్ల హెచ్‌ఎంఐ లైట్లు రెండు, చెట్ల వెనక నుంచి కొట్టడానికి 1.8 కిలోవాట్లవి రెండు, ముఖాల మీదకు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, ఒక పొగ మెషీన్, మానిటర్లు, బ్యాటరీ చార్జర్లు. బ్యాలస్టులు తినే కరెంటు కూడా కలిపితే అన్నీ ఒకేసారి వెలిగినప్పుడు లోడు దాదాపు 18 కిలోవాట్లు. జనరేటర్ సామర్థ్యాన్ని కేవీఏలో చెబుతారు. మామూలుగా ఒక కేవీఏకి 0.8 కిలోవాట్ల లెక్కన 18 కిలోవాట్లకు 22.5 కేవీఏ కావాలి. దాన్ని మూడొంతుల లోడు మీదే నడపాలనుకుంటే 30 కేవీఏ జనరేటర్ సరిపోతుంది.

అదే చోటికి 125 కేవీఏ వ్యాన్ తెస్తే దాని మీద పడే లోడు ఐదో వంతు కూడా ఉండదు. డీజిల్ ఇంజన్ తక్కువ లోడు మీద గంటల తరబడి తిరిగితే సిలిండర్లు తగినంత వేడెక్కవు, డీజిల్ పూర్తిగా మండదు. మండని నూనె, మసి కలిసి సైలెన్సర్ గొట్టం చివర నల్లటి జిడ్డుగా కారుతుంది. ఇంజన్ చెడుతోందనడానికి అదే గుర్తు. పగటి షూటింగులో మానిటర్లు, చార్జర్లే నడుస్తాయి కాబట్టి ఆ ఒకటిన్నర కిలోవాట్లకు చేత్తో మోసుకెళ్లే చిన్న ఇన్వర్టర్ జనరేటర్ చాలు.

తర్వాతి చిక్కు చప్పుడు. సైలెంట్ జనరేటర్లకు మన దేశంలో ఉన్న పరిమితి మీటరు దూరంలో 75 డెసిబెళ్లు. రాత్రి అడవిలో మైక్‌కి అది చాలా ఎక్కువ. అందుకే వ్యాన్‌ని రోడ్డు మలుపు వెనక, వంద మీటర్ల అవతల ఆపుతారు. అప్పుడు భారం కేబుల్ మీద పడుతుంది. 4 కిలోవాట్ల లైటు సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. దానికి వంద మీటర్ల దూరం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే 17 వోల్టులకు పైగా దారిలోనే పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లదైతే నాలుగైదు వోల్టులతో సరి. కాబట్టి సెట్ దాకా లావు త్రీఫేజ్ కేబుల్ లాగి, అక్కడ డిస్ట్రిబ్యూషన్ బాక్స్ పెట్టి, దాన్నుంచి లైట్లకు పొట్టి కేబుళ్లు వేస్తారు.

ఆ బాక్స్ దగ్గరే లోడును పంచాలి. ఆర్ ఫేజ్ మీద ఒక పెద్ద హెచ్‌ఎంఐ, ఎల్‌ఈడీలు. వై మీద రెండో పెద్ద లైటు, పొగ మెషీన్. బి మీద చిన్న హెచ్‌ఎంఐలు, చార్జర్లు. ఇలా చేస్తే ఒక్కో ఫేజ్ మీద ఐదారు కిలోవాట్లే పడతాయి. అన్నిటికంటే భయపడాల్సింది న్యూట్రల్ వదులవడానికి. అది ఊడితే తక్కువ లోడున్న ఫేజ్‌లో 230 వోల్టులు ఉండాల్సింది 300 దాటిపోవచ్చు, మానిటర్లు కాలిపోతాయి. ఒకవైపు లైట్లు మసకబారుతూ ఇంకోవైపువి మరీ ప్రకాశంగా వెలుగుతుంటే, కారణం వెతికే ముందు మెయిన్ ఆపేయాలి. జనరేటర్ పక్కన తడి నేలలో ఎర్త్ రాడ్ దిగ్గొట్టడం, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టడం వానాకాలంలో మరీ ముఖ్యం.

ఇక డీజిల్. ఈ లోడుకు గంటకు సుమారు ఐదారు లీటర్లు ఖర్చవుతుంది. పది గంటల రాత్రికి 60 లీటర్లయితే, ఘాట్ దిగి పంపు దాకా వెళ్లిరావడం కుదరదు కాబట్టి 90 లీటర్లు దగ్గరుంచుకోవాలి. ఇంజన్ ఆపి, చల్లారాకే ట్యాంకు నింపాలి. ఆపిన హెచ్‌ఎంఐ మళ్లీ వెలిగి దాని రంగు నిలకడకు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకని ట్యాంకు నింపడాన్ని భోజన విరామంలో పెట్టుకుంటారు.

షాట్ మొదలవక ముందే లైట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి, క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల ఆంపియర్లూ, దూరపు లైటు దగ్గర వోల్టేజీ కొలుస్తారు. ఆ అంకెల పక్కనే ప్రతి గంటా ఖర్చయిన డీజిల్ రాసి ఉంచుకుంటే, రెండో రాత్రికి ఎన్ని డబ్బాలు పైకి తీసుకెళ్లాలో అంచనా మీద కాక ఆ కాగితం చూసే చెప్పొచ్చు.