డిటెక్టర్ చెప్పింది సరే, రుజువేది?

2024లో హరియాణాలోని ఓ.పి. జిందాల్ గ్లోబల్ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌ఎం చదువుతున్న ఒక విద్యార్థి పరీక్ష జవాబులు రాసి ఇచ్చాడు. వాటిలో 88 శాతం ఏఐ రాసిందేనని టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ చూపింది. అన్‌ఫెయిర్ మీన్స్ కమిటీ అతన్ని ఆ పేపర్లో ఫెయిల్ చేసింది. పరీక్షల కంట్రోలరూ దాన్నే ఖాయం చేశారు. జవాబులు తన సొంతమని, ఆరోపణకు యూనివర్సిటీ ఆధారం చూపలేదని అతను పంజాబ్-హరియాణా హైకోర్టుకు వెళ్లాడు. నవంబరులో యూనివర్సిటీ నిర్ణయం మార్చుకుని అతన్ని పాస్ చేయడంతో కోర్టు కేసు మూసేసింది. విద్యార్థికి ఊరట దక్కింది గానీ, డిటెక్టర్ స్కోరు ఒక్కదాన్నే పట్టుకుని ఎవరినైనా దోషిగా తేల్చవచ్చా అన్న ప్రశ్న తేలకుండానే ఉండిపోయింది.

ముందు ఆ 88 అంటే ఏమిటో చూడాలి. చాలామంది దాన్ని ‘ఇతను తప్పు చేసి ఉండే అవకాశం 88 శాతం’ అని చదువుకుంటారు. అది కాదు. డిటెక్టర్ వ్యాసాన్ని కొన్ని వాక్యాల చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఊహించడం ఎంత సులువో, వాక్యాల తీరు ఎంత ఒకేలా ఉందో లెక్క కడుతుంది. యంత్రం రాతను పోలిన వాక్యాలు మొత్తంలో ఎంత భాగమో చెప్పేదే ఆ అంకె. అంటే అది పోలిక చెబుతుంది. ఎవరు రాశారో దానికి తెలియదు.

మన కాలేజీల్లో ఈ తికమకకు ఒక కారణం ఉంది. పాత ప్లేజియరిజం రిపోర్టులోనూ శాతమే ఉంటుంది. యూజీసీ 2018 నిబంధనలు పోలిక 10 శాతం దాటితే ఒక శిక్ష, 40 దాటితే ఇంకొకటి అని మెట్లు పెట్టాయి. కానీ ఆ రిపోర్టు, మీ పేరా ఇదీ, అది వచ్చిన పుస్తకం ఇదీ అని రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. కమిటీ సభ్యుడు కళ్లారా సరిచూసుకోవచ్చు, విద్యార్థి అక్కడే జవాబు చెప్పుకోవచ్చు. ఏఐ స్కోరు వెనక అలా తెరిచి చూసే మూలం ఏదీ ఉండదు.

విచారణలో రెండు విషయాలు విడివిడిగా ఉంటాయి. రుజువు చేయాల్సింది ఎవరు అన్నది ఒకటి, ఎంతవరకు రుజువు చేయాలి అన్నది రెండోది. క్రిమినల్ కేసులోలా అనుమానానికి తావే లేనంతగా రుజువు చేయాలని విద్యాసంస్థల విచారణల్లో సాధారణంగా అడగరు. తప్పు జరగలేదనడం కంటే జరిగిందనడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. ఈ కొలత తక్కువే అయినా, దాన్ని అందుకోవాల్సిన బాధ్యత ఆరోపించిన సంస్థదే. స్కోరును విద్యార్థి ముందు పెట్టి ‘మరి ఇంత ఎందుకొచ్చింది?’ అని అడిగిన క్షణంలో ఆ బాధ్యత చేతులు మారిపోతుంది. సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరిగిందో తెలియని విద్యార్థి, చేయని పనిని చేయలేదని నిరూపించుకోవాల్సి వస్తుంది.

‘డిటెక్టర్ తప్పు ఒక్క శాతమే కదా, అంటే 99 శాతం ఖాయమే కదా’ అని కొందరు వాదిస్తారు. లెక్క వేసి చూద్దాం. వెయ్యి మంది వ్యాసాలు ఇచ్చారనీ, వారిలో 20 మంది ఏఐతో రాయించుకున్నారనీ అనుకుందాం. డిటెక్టర్ వారిలో 16 మందిని పట్టుకుంది. మిగిలిన 980 మంది నిజాయితీపరుల్లో ఒక్క శాతం, అంటే సుమారు పదిమంది, పొరపాటున చిక్కారు. కమిటీ ముందుకు వచ్చేది 26 మంది. వారిలో పదిమంది ఏ తప్పూ చేయలేదు. అదే వెయ్యిలో 200 మంది తప్పు చేసి, 160 మంది పట్టుబడితే, పొరపాటున చిక్కేది ఎనిమిది మందే. డిటెక్టర్ మారలేదు, దాని తప్పుల శాతం మారలేదు. అయినా పట్టుబడిన విద్యార్థి దోషి అయ్యే అవకాశం పూర్తిగా మారిపోయింది. తన తరగతిలో అసలు ఎంతమంది తప్పు చేశారో కమిటీకి తెలియదు. కాబట్టి స్కోరు ఒక్కదానితో ఆ అవకాశాన్ని తేల్చడం సాధ్యం కాదు.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో ఇలాంటి లెక్కే వేసింది. 2022లో తాము టర్నిటిన్‌కు పంపిన పేపర్లు 75,000. తప్పు ఒక్క శాతమే అనుకున్నా 750 పేపర్ల మీద అన్యాయంగా ముద్ర పడి ఉండేదని చెప్పి, ఆ డిటెక్టర్‌ను ఆపేసింది. శిక్షకు ఈ స్కోరును ఏకైక ఆధారంగా తీసుకోవద్దని టర్నిటిన్ కూడా చెబుతుంది.

పైగా ఆ ఒక్క శాతం అందరికీ ఒకేలా వర్తించకపోవచ్చు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి ఏఐ రాతగా చూపాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు తప్పు లేకుండా గుర్తించాయి. టర్నిటిన్ ఆ ఏడింటిలో లేదు కాబట్టి ఈ అంకెను దానికి అంటగట్టకూడదు. కారణం మాత్రం గమనించాలి. నేర్చుకున్న భాషలో రాసేవారు తెలిసిన మాటలనే, తెలిసిన వాక్య నిర్మాణాలనే మళ్లీ మళ్లీ వాడతారు. డిటెక్టర్ అనుమానించేది ఆ లక్షణాన్నే. విదేశాల్లో చదువుతున్న మన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. అమెరికాలో సస్పెండ్ అయితే మార్కులతో పాటు స్టూడెంట్ వీసా హోదా కూడా పోవచ్చు.

అలాగని ప్రత్యక్ష సాక్షి లేకపోతే ఎవరినీ శిక్షించకూడదని కాదు. 1960ల తొలినాళ్లలో ఉత్తరప్రదేశ్ పరీక్షల బోర్డు, బాగ్లేశ్వర్ ప్రసాద్ అనే విద్యార్థి మధ్య కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాపీ కొడుతుండగా ఎవరూ చూడలేదు. కానీ పరీక్ష హాల్లో దగ్గర్లో కూర్చున్న మరో అభ్యర్థి తప్పులే ఇతని జవాబుల్లోనూ ఉన్నాయి. బోర్డు నిర్ణయం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ రెండు జవాబు పత్రాలున్నాయి, ఎవరైనా వాటిని తీసి పోల్చుకోవచ్చు. పరిస్థితులే సాక్ష్యమైనా, పరీక్షించి చూడగలిగిన సాక్ష్యం అది.

ఏఐ కేసుల్లోనూ అలాంటి ఆధారాలు దొరుకుతాయి. వ్యాసంలో పేర్కొన్న తీర్పో, పరిశోధన పత్రమో అసలు లోకంలోనే లేకపోవడం బలమైన ఆధారం. తన వాదనను తనే వివరించలేకపోవడం మరొకటి, అయితే కంగారు పడే పిల్లలకు తగిన సమయమిచ్చి అడగాలి. గూగుల్ డాక్స్‌లో దాచిన పాత రూపాలు చూస్తే, వ్యాసం రోజుల తరబడి పెరిగిందో, ఒక్కసారిగా వచ్చి పడిందో తెలుస్తుంది. విద్యార్థులు వాటిని దాచుకోవడం మంచిది. అవి లేనంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ఒక డిటెక్టర్ చాలదని రెండోదాంట్లో వేసి చూడటం వల్ల కూడా సాక్ష్యం రెట్టింపు కాదు, ఎందుకంటే రెండూ చూసేది ఇంచుమించు అవే లక్షణాలను.

విచారణ నిజంగా జరిగిందో లేదో కమిటీ రాసిన ఉత్తర్వు చదివితే తెలుస్తుంది. అందులోంచి స్కోరును కొట్టేసి మళ్లీ చదవాలి. మిగిలిన కారణాలు తీర్పును నిలబెట్టగలిగితే, సంస్థ తన బాధ్యత నెరవేర్చినట్టు. ఏమీ మిగలకపోతే ఆరోపణ రుజువు కాలేదు, ఆ విద్యార్థిని వదిలేయాలి. అలా వదిలేస్తే కొందరు తప్పు చేసినవారు తప్పించుకుంటారు, నిజమే. ఆ నష్టం భరించాల్సింది పరీక్ష పెట్టిన సంస్థే. దాన్ని తెచ్చి, తన వ్యాసం తనే రాసుకున్న విద్యార్థి మీద వేయడానికి వీల్లేదు.