వార్తల్లో పదం: కన్వర్షన్ సిగ్నల్

ప్రకటన చూసినవారు ఆ వస్తువు కొన్నారని ప్రకటన వేదికకు చేరే కబురే కన్వర్షన్ సిగ్నల్. ఒక సైట్ గన్నవరం-హైదరాబాద్ విమాన టికెట్లకు ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చిందనుకుందాం. టికెట్ ఖరారైన పేజీలో ఉండే చిన్న కోడ్, అంటే ట్రాకింగ్ పిక్సెల్, కొనుగోలు వివరాన్ని ప్రయాణికుడి బ్రౌజర్ నుంచే మెటాకు పంపుతుంది.

యాడ్ బ్లాకర్లు, సఫారీ కుకీ ఆంక్షలు ఈ దారిని మూసేస్తున్నాయి. ఐఫోన్ యాప్‌లు ట్రాకింగ్‌కు అనుమతి అడగాలని 2021 ఏప్రిల్‌లో యాపిల్ నిబంధన పెట్టింది. అందుకే సైట్లు తమ సర్వర్ నుంచి కూడా అదే కబురు పంపుతున్నాయి. ఫోన్ నంబరును హ్యాష్‌గా మార్చి జతచేస్తాయి. ఒకే నంబరుకు ఎప్పుడూ ఒకే హ్యాష్ వస్తుంది కాబట్టి, మెటా తన ఖాతాలతో పోల్చి మనిషిని గుర్తించగలదు. అంటే హ్యాష్ చేసినంత మాత్రాన అజ్ఞాతం కాదు.

100 టికెట్లు అమ్ముడైతే పిక్సెల్ 70, సర్వర్ 95 చెప్పాయనుకుందాం. రెండు దారుల్లోనూ ఒకే ఈవెంట్ పేరు, ఒకే `event_id` పంపితే మెటా జంట కబుర్లను ఒకటిగా లెక్కిస్తుంది. లేకుంటే నివేదికలో 165 కనిపించవచ్చు. బుకింగ్ రిజిస్టర్‌తో పోలిస్తే తప్పు బయటపడుతుంది.

దారి మారినా అనుమతి అవసరం తప్పదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వాటిలోని ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలవుతాయి. ప్రయాణికుడు ఒప్పుకోకపోతే, సర్వర్ నుంచైనా ఆ నంబరును ప్రకటనల కోసం పంపకూడదు.